గాలి వాటా

బ్రహ్మచారి పేరుకే బ్రహ్మచారి. ఇంట్లో పెళ్ళాం పుష్పమ్మ, ముగ్గురు ఆడపిల్లలు, మంచం పట్టిన మేనత్త. ఆ ఇల్లంతా ఆయన లెక్క మీదే నడిచేది. రాంగోపాల్‌పేటలో జ్ఞానశేఖర్ అనే కాంట్రాక్టరు దగ్గర ఆయన ఎస్టిమేటరు. ఇనుప వంతెన గానీ, గోదాము కప్పు గానీ, నీళ్ళ ట్యాంకు గానీ, దానికి ఎన్ని డబ్బాల రంగు పడుతుందో పని మొదలుకాకముందే చెప్పేది ఆయనే. పని ముగిశాక చూస్తే అర డబ్బా అటో ఇటో, అంతే తేడా. చారి చెప్పాడంటే రాయి మీద గీత అనేవాళ్ళు. ఆయనకు ఆ మాట వినడం ఇష్టం. ఇష్టం అని చిన్నగా అనడం ఎందుకు, ప్రాణం.

యూనియన్ సైన్యం వచ్చిన మరుసటి ఎండాకాలం అది. నిజాం రాజ్యం అయిదు రోజుల్లో ముగిసిపోయింది గానీ, ఆ అయిదు రోజుల భయం మాత్రం నెలలు గడిచినా వదల్లేదు. ఊళ్ళో ఎవరి మీద ఎవరికి కోపమున్నా, ఫలానావాడు రజాకార్లతో తిరిగాడని చెవిలో ఊదితే చాలు. తురకవాళ్ళ ఇళ్ళలో మగవాళ్ళు పొద్దుగూకకముందే గూటికి చేరేవాళ్ళు. అలాంటి రోజుల్లో జ్ఞానశేఖర్‌కు సైన్యం పని దొరికింది. మల్కాజ్‌గిరి దాటాక రైలు సైడింగు పక్కన బట్టబయలులో రెండు నూనె ట్యాంకులున్నాయి. ఒక్క అచ్చులో పోసినట్టు రెండూ ఒకటే కొలత. వాటికి బయటివైపు బూడిదరంగు వేయాలి.

రంగు సైన్యం డిపో ఇస్తుంది. కంట్రోలు రోజులు గనక డబ్బా డబ్బాకూ కాపలా. ఎన్ని కావాలో ముందే చెప్పాలి, చెప్పినదానికంటే ఒక్కటి ఎక్కువ అడిగినా సంజాయిషీ ఇచ్చుకోవాలి. పైగా ఖాళీ డబ్బా అప్పగిస్తేనే నిండు డబ్బా చేతికొస్తుంది. అప్పగించిన ఖాళీకి మళ్ళీ పనికిరాకుండా మేకుతో బెజ్జం పొడిచేవాళ్ళు.

చారి లెక్క కట్టిన తీరు చెప్పాలి, ఎందుకంటే తర్వాత జరిగిందంతా దాని కడుపునే పుట్టింది.

ట్యాంకు గుండ్రం. అడ్డం అరవై అడుగులు, ఎత్తు ముప్పై ఆరు. అడుగుభాగం నేలకు ఆనుకుని ఉంది గనక దానికి రంగు లేదు. చుట్టూ గోడ, పైన కప్పు కలిపితే తొమ్మిది వేల ఆరు వందల చదరపు అడుగులు. రంగు ఎండిన తర్వాత పొర మందం ఆరు థౌ ఉండాలన్నది సైన్యం షరతు. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. ఆ రంగులో సగమే గట్టి సరుకు, మిగతా సగం ఎండేటప్పుడు ఆవిరైపోయే ద్రవం. కాబట్టి ఎండాక ఆరు మిగలాలంటే తడిగా పన్నెండు థౌ వేయాలి. పన్నెండు థౌ అంటే సరిగ్గా అడుగులో వెయ్యో వంతు. తొమ్మిది వేల ఆరు వందల చదరపు అడుగుల మీద ఆ మందం పరిస్తే తొమ్మిదిన్నర ఘనపుటడుగుల పైచిలుకు రంగు. ఘనపుటడుగుకు ఆరుంబావు గాలన్ల చొప్పున అరవై గాలన్లు. డబ్బాకు నాలుగు గాలన్లు గనక పదిహేను డబ్బాలు. ఇక్కడిదాకా చారి లెక్కలో వెంట్రుకవాసి తప్పు లేదు.

అయితే పదిహేనూ ఇనుము మీద కూర్చోవాల్సినవి. కుంచెతో వేసినా కొంత కింద కారుతుంది, కొంత కుంచెకే అంటుకుంటుంది. కుంచె రోజుల్లో చారి నూటికి అయిదు కలిపేవాడు. ఇప్పుడు కంపెనీకి కొత్తగా గాలి యంత్రం వచ్చింది. గొట్టం చివర తుపాకీ లాంటి పనిముట్టు, మీట నొక్కితే రంగు పొగమంచులా చిమ్ముతుంది. పని నాలుగింతలు వేగం, కానీ బయలు ప్రదేశంలో, గాలిలో, చిమ్మిన దానిలో నూటికి నలభై గోడకు తగలకుండా ఎగిరిపోతుందని దాని వెంట వచ్చిన కాగితంలో ఉంది. చారి తన పాత పద్ధతిలోనే పదిహేనుకు నూటికి నలభై చొప్పున ఆరు కట్టి, పదిహేనుకు కలిపాడు. ఇరవై ఒక్క డబ్బాలని రాసిచ్చాడు.

తుపాకీ పట్టే మిస్త్రీ ఇమాం వలి. నలభై దాటిన మనిషి, సన్నగా రివటలా ఉంటాడు. ముక్కుకు గుడ్డ కట్టుకుని పరంజా ఎక్కాడంటే మధ్యాహ్నం నమాజుకు తప్ప దిగడు. చారికి ఆయనంటే గౌరవమే. ఇద్దరూ ఒకే పొయ్యి మీద టీ కాచుకుని తాగినవాళ్ళు.

మిస్త్రీలకు తాతలనాటి హక్కు ఒకటుంది. ఖాళీ అయిన డబ్బాను బోర్లిస్తే అంచుల వెంట కారే మడ్డి మిస్త్రీది. గరిటెడు వస్తుందో చిప్పెడు వస్తుందో, దాన్ని ఎవరూ అడగరు. ఇమాం వలి ఆ మడ్డిని పోగుచేసి మల్కాజ్‌గిరిలో తన ఇంటి తలుపుకు పూసుకున్నాడు. బూడిదరంగు తలుపు. భార్య లతీఫున్నీసా అది చూసి మురిసిపోయి, వాడలో నవాబు తలుపు మనదేనని అందరికీ చెప్పుకుంది.

మొదటి ట్యాంకు పూర్తయింది. సైన్యం కెప్టెను పరీక్షకు వచ్చాడు. రంగు వేయకముందు కొలిచిపెట్టిన అరచేయంత రేకు పలకలను ట్యాంకుకు నలువైపులా, కప్పు మీదా తీగతో కట్టి ఉంచారు. వాటి మీదా గోడతో పాటే రంగు పడుతుంది. ఎండాక పలకను విప్పి మైక్రోమీటరు బిగించి కొలిస్తే, అదనంగా వచ్చిందే రంగు పొర. కెప్టెను ఒక్కో పలకే కొలిచాడు. అయిదు. మళ్ళీ అయిదు. ఒక చోట అయిదుకు కొంచెం తక్కువ, ఒక చోట కొంచెం ఎక్కువ. ఆరు మాత్రం ఎక్కడా లేదు.

ఇరవై ఒక్క డబ్బాలకు ఆరు థౌ రావాలన్న లెక్క నీదేనా అని కెప్టెను హిందుస్తానీలో అడిగాడు. నాదేనన్నాడు చారి. లెక్కలో తప్పుండే అవకాశముందా అని అడిగాడు. చారి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. లేదన్నాడు. అక్కడితో ఆగినా బాగుండేది. నోరు ఊరుకోక, ఆరింటికి అయిదే వచ్చిందంటే ఆరో వంతు రంగు గోడకు చేరలేదన్నమాట, ఇరవై ఒకటిలో ఆరో వంతు మూడున్నర డబ్బాలు అని వేళ్ళ మీద చెప్పాడు. మరి ఖాళీ డబ్బాలన్నీ లెక్కకు వచ్చాయి కదా అని కెప్టెను సందేహపడితే, దానికీ చారే దారి చూపించాడు. రంగు కొంత తీసేసి ఆ మేరకు టర్పెంటైను కలిపితే తడి మీద మందంగానే కనబడుతుంది, ఎండాక మాత్రం పలచబడుతుంది, టర్పెంటైనులో గట్టి సరుకు ఉండదు గనక అని వివరంగా చెప్పాడు. అదీ నిజమే. ఆ రోజు చారి చెప్పిన వాటిలో చాలా నిజాలున్నాయి.

ఇమాం వలి పరంజా పక్కన నిలబడి ఉన్నాడు.

"చారి సాబ్, ఏమంటున్నరు మీరు? నేను టర్పెంటైల్ కలిపిన్నా? గన్ను కడగనీకి తప్ప ఒక్క చుక్క ముట్టలే. ఖుదా కసం."

"మరి యాడికి పోయింది ఇమాం భాయ్? లెక్క అబద్ధం జెప్పదు గద," అన్నాడు చారి. ఆ మాట కూడా ఆయన కోపంగా అనలేదు. అదే ఘోరం.

ఇమాం వలిని జీపులో ఎక్కించుకుని పోయారు. ఆ సాయంత్రమే మల్కాజ్‌గిరిలో ఇల్లు సోదా చేస్తే బూడిదరంగు తలుపు కనబడింది. ఇక చెప్పేదేముంది! మడ్డి హక్కు గురించి వాళ్ళకు తెలియదు, చెప్పినా వినే ఓపిక లేదు. మూడున్నర డబ్బాలు ఎక్కడని అడిగారు. అడగడమంటే ఎలా అడిగారో అప్పట్లో అందరికీ తెలుసు. లేని డబ్బాలను మనిషి ఎక్కడినుంచి తెస్తాడు? రెండు రోజులు తెలియదన్నాడు. మూడో రోజు, అర డబ్బా తలుపుకు పూశానని, మూడు డబ్బాలు నాసర్‌కు అమ్మానని చెప్పాడు.

నాసర్ లతీఫున్నీసా తమ్ముడు. బోయిన్‌పల్లి దారిలో మేకులు, బందులు, సున్నం, చిన్న చిన్న రంగు డబ్బాలు అమ్ముకునే కుర్రవాడు. కొత్తగా పెళ్ళయింది. దుకాణంలో బూడిదరంగు చుక్క కూడా దొరకలేదు. దొరకలేదు గనక అమ్మేశాడన్నారు. అతన్నీ తీసుకుపోయారు.

ఇమాం వలి ఒప్పుకున్నాడన్న కబురు తెలిసిన రోజు చారి హమ్మయ్య అనుకున్నాడు. లోపల ఎక్కడో ముల్లు లాంటిది గుచ్చుకుంటూ ఉంది ఇన్నాళ్ళూ. ఒప్పుకోలుతో అది ఊడిపోయినట్టయింది. లెక్కే గెలిచింది. ఆ రాత్రి కడుపునిండా తిన్నాడు.

రెండు రోజుల తర్వాత లతీఫున్నీసా రాంగోపాల్‌పేట వచ్చింది. కంపెనీ మెట్ల కింద నిలబడింది. బురఖా అంచు గట్టిగా పట్టుకున్న వేళ్ళు మాత్రం కనబడుతున్నాయి.

"అన్నా, మీరొక్క మాట జెప్తె ఇడుస్తరట. ఇంటాయన సంగతి అల్లాకెరుక. నా తమ్ముడు రంగు సుత సూడలే. ఆని పెండ్లాం కడుపుతోని ఉన్నది."

"నేనేం జేయాలెనమ్మా? ఆయనే పేరు జెప్పిండు. నా చేతుల ఏమున్నది, లెక్క గట్ల జెప్తున్నది."

"లెక్కల మీరు తప్పు పోరా ఎన్నడు?"

చారి లోపలికి తిరిగిపోయాడు. దానికి జవాబు చెప్పనవసరం లేదనుకున్నాడు. ఆమె వెళ్ళిపోయింది.

రోహిణి కార్తె ఎండల్లో రెండో ట్యాంకు మొదలైంది. ఈసారి జ్ఞానశేఖర్ పూనా నుంచి తుకారాం అనే మిస్త్రీని పిలిపించాడు. కెప్టెను పరంజా పక్కనే ఒక సెంట్రీని తుపాకీతో నిలబెట్టాడు. ఒక్క ట్యాంకుకు రెండు తుపాకీలని కూలీలు నవ్వుకున్నారు. ఇక చారి సంగతి చెప్పాలా? ప్రతి డబ్బా మూతా తన చేత్తో తీశాడు, తన చేత్తో యంత్రం కుండలో వంపాడు. టర్పెంటైను డబ్బాకు తాళం వేసి తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. పదహారేళ్ళుగా సంపాదించుకున్న పేరు ఈ ట్యాంకుతో మళ్ళీ నిలబడుతుందని ఆయన నమ్మకం.

ఎండ మండిపోతోంది. సైడింగు మీదుగా పడమటి గాలి ఒకటే వీపు చరుస్తోంది. తుకారాం మీట నొక్కినప్పుడల్లా బూడిదరంగు మబ్బు గోడను తాకి, తాకీ తాకకముందే పక్కకు తిరిగి పట్టాల అవతలికి పోతోంది. చారి దాన్ని చూస్తూనే ఉన్నాడు. చూడటమే తప్ప అదేమిటో మనసుకెక్కలేదు.

పని మూడో పూటలో ఉండగా చాకలి బుచ్చమ్మ పట్టాలు దాటుకుని వచ్చింది. చంకలో తెల్ల దుప్పట్ల మూట. రైలు క్వార్టర్ల బట్టలన్నీ ఆమే ఉతుకుతుంది.

"ఓ సారూ! జెర గిటు సూడు." దుప్పటి విప్పి ఆయన మొహం ముందు చాపింది. తెల్లటి గుడ్డంతా బూడిద జల్లినట్టు సన్నటి చుక్కలు. చేత్తో రుద్దితే గరగరలాడింది. "మొన్న ఆ ఇమాం కొట్టినప్పుడు సుత గిట్లనే అయింది. తురకోడు దొంగరంగు కొడుతుండు గందుకే అంటిరి. మరి గీ పూనాయన ఏం రంగు కొడుతుండు? ఫర్లాంగు దూరముంది నా దండెం. మీ రంగు సగం మా బట్టల మీదనే ఉన్నది. ఎవడు ఉతుకుతడు దీన్ని, నీ తాతనా?"

"సగం గాదు బుచ్చమ్మా. నూటికి నలభై," అన్నాడు చారి, అలవాటు కొద్దీ.

అన్నాక ఆ దుప్పటి కేసి అలాగే చూస్తూ ఉండిపోయాడు. బుచ్చమ్మ ఇంకా తిడుతూనే ఉంది.

నూటికి నలభై. నిజమే. కానీ దేనిలో?

పరీక్షకు ముందే తనకు తెలిసిపోయింది. అయినా పూత పూర్తయ్యేదాకా, ఎండేదాకా ఆగి, శుక్రవారం ఉదయం ఒంటరిగా పలకలు ఒక్కోటే విప్పి, కొలిచి మళ్ళీ కట్టాడు. అయిదు. అయిదు. అయిదుకు కొంచెం తక్కువ. అయిదు. మూత తీసింది తను, వంపింది తను, పక్కన సెంట్రీ.

చారి ట్యాంకు నీడలో కూలబడి ఇటుక ముక్కతో నేల మీద రాశాడు. గాలి తన వాటా తీసుకునేది గోడ మీద కూర్చున్న పదిహేనులోంచి కాదు. తుపాకీ మూతిలోంచి బయటికి వచ్చిన మొత్తంలోంచి. ఇరవై ఒకటి చిమ్మితే అందులో నూటికి నలభై అంటే ఎనిమిదిన్నర డబ్బాలు గాలిది. గోడకు మిగిలేది పన్నెండున్నర. పదిహేను ఆరు థౌ అయితే పన్నెండున్నర అయిదు థౌ. సరిగ్గా అయిదు. పదిహేను గోడకు చేరాలంటే కలపకూడదు, పదిహేనును నూటికి అరవై పాళ్ళ చేత భాగించాలి. ఇరవై అయిదు డబ్బాలు కావాలి. ఇరవై అయిదులో పది గాలికి, పదిహేను ఇనుముకు.

కుంచె రోజుల్లో నూటికి అయిదే గనక కలిపినా భాగించినా శేరు తేడా కూడా వచ్చేది కాదు. అందుకే ఇన్నేళ్ళూ ఆ తప్పు బయటపడలేదు. చారి పేరు నిలబెట్టింది లెక్క కాదు, కుంచె. మూడున్నర డబ్బాలు ఎవడూ తీయలేదు. ఎక్కడా లేవు. మూడున్నర అనే మాట తన నోట్లో పుట్టింది, ఆ మాట కోసం ఇద్దరిని కొడుతున్నారు.

ఆ మధ్యాహ్నమే జ్ఞానశేఖర్ గదిలోకి వెళ్ళి చెప్పాడు. జ్ఞానశేఖర్ చెడ్డవాడేమీ కాదు. ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్ళేవాడు, కూలీకి జబ్బు చేస్తే మందు తెప్పించేవాడు. అంతా విన్నాడు, లేచి తలుపు మూశాడు.

"చారీ, నువ్వు చెప్పింది నిజమే. కానీ ఇప్పుడు చెప్తే ఏమైతది ఆలోచించు. మీ ఇద్దరూ కూడబలుక్కున్నరంటరు. నిన్ను సుత తీస్కపోతరు. ఆ ముగ్గురు ఆడపిల్లలు ఏమైపోవాలె? ఎండకాలం గాలి ఎక్కువున్నదని ట్యాంకుకు నాలుగు డబ్బాలు ఎక్కువ అడుగుత. మంగళవారం కెప్టెను వస్తడు. పని పాసు కానీ. తర్వాత మెల్లగ ఇమాం సంగతి మాట్లాడుదం. ఇన్ని దినాలున్నడు, ఇంకో నాలుగు దినాలల్ల ఏం కొంప మునుగుతది?"

చారి తల ఊపాడు. ఊపకుండా ఉండాల్సింది. ఇది ఎవరికైనా చెప్పడం తేలిక. పెద్ద పిల్లకు పదమూడేళ్ళు, ఇంట్లో మంచం మీద మేనత్త మూలుగుతోంది, వీధి మలుపులో జీపు ఆగిన చప్పుడైతే పుష్పమ్మ పొయ్యి ఆర్పేసి కూర్చుంటోంది. భయం ఒక్కటే కాదు, లోలోపల ఇంకొకటి కూడా ఉంది. చారికి లెక్క తప్పిందట అని ఊరంతా అనుకోవడం. అదీ ఆయన నోరు నొక్కింది. శనివారం గడిచింది. ఆదివారం గడిచింది. అన్నం ముందు కూర్చుని ముద్ద కలిపి అలాగే లేచిపోయేవాడు. పుష్పమ్మ ఏమైందని అడిగితే ఎండదెబ్బ అన్నాడు.

మంగళవారం పొద్దున్న సైడింగు దగ్గరికి వెళ్ళేసరికి బుచ్చమ్మ ఎదురొచ్చింది. ఈసారి తిట్టలేదు.

"సారూ, ఇన్నవా? ఆ ఇమాం బామ్మర్ది లేడూ, దుకాణపు పోరడు. జైల్ల జరం వచ్చి నిన్న సచ్చిపోయిండట. పీనుగను ఇప్పుడే దెచ్చిన్రు. ఆని పెండ్లాం ఏడుస్తలేదు, గోడకు ఒరిగి గట్లనే కూసున్నది. నాకు సూడబుద్ధి గాలే, వచ్చేసిన."

చారి జ్ఞానశేఖర్ కోసం ఆగలేదు. ఎవరికీ చెప్పలేదు. అటునుంచి అటే డిపో గేటు దగ్గరికి పోయి కెప్టెను బల్ల ముందు నిలబడ్డాడు. తన తప్పును మొదటినుంచీ చెప్పాడు, పదిహేను, ఇరవై ఒకటి, ఇరవై అయిదు. కెప్టెను మొహం చిట్లించి, ఇప్పుడు దొంగను కాపాడటానికి కొత్త లెక్క తెచ్చావా అన్నాడు.

"అయితే సాబ్, రెండో ట్యాంకు సుత అయిదే వచ్చింది. మీరే కొలిచి సూడుండ్రి. దాని రంగు ఎవరు దొంగిలిచ్చిన్రు? మీ సెంట్రీనా? నేనా?"

కెప్టెను టోపీ పెట్టుకుని బయలుదేరాడు. మధ్యాహ్నం ఎండలో పరంజా ఎక్కి ఎనిమిది పలకలూ తన చేత్తో కొలిచాడు. దిగాక పెన్సిలు తీసుకుని చారి లెక్కను తానే ఒకసారి వేశాడు. ఆ మనిషి మొహంలో రంగు మారడం చారి చూశాడు. కెప్టెను ఒక్కటే మాట అన్నాడు, దీన్ని ముందే ఎందుకు భాగించలేదని.

ఇమాం వలిని వదిలేశారు. చారినెవరూ తీసుకుపోలేదు. భయపడిందేదీ జరగలేదు, జ్ఞానశేఖర్ మాత్రం ఇక రావద్దని కబురు పంపాడు. చారి జైలు గేటు దగ్గర నిలబడి ఎదురుచూశాడు. ఇమాం వలి బయటికి వచ్చినప్పుడు మొదట గుర్తుపట్టలేదు. కుడిచేయి వేళ్ళు రెండు ముడుచుకోవడం లేదు. ఆ చేతితోనే ఆయన మీట నొక్కేది.

"ఇమాం భాయ్, తప్పు నాది. రంగు ఎవ్వరు తీయలే. నేను కలిపిన, భాగించాల్సింది. కెప్టెన్‌కు జెప్పిన."

ఇమాం వలి గేటు పక్క గోడకు ఆనుకున్నాడు.

"నేను తీయలేదని నాకెరుక లేదా సాబ్? అది కాదు నా తక్లీఫ్. నాసర్ పేరు నా నోట్ల నుంచి వచ్చింది. ఇంట్ల ఏ మొఖం వెట్టుకోని పోవాలె? మీరు రాండ్రి నాతోని. మీరు జెప్పుండ్రి ఆమెకు. నేను జెప్తె వినదు."

ఇద్దరూ మల్కాజ్‌గిరి దాకా నడిచారు. ఇల్లు చేరేసరికి తలుపు మూసి ఉంది. బూడిదరంగు లేదు. ఎవరో కత్తిపీటతో గీకినట్టు కర్ర పైకి తేలి, గాట్లు పడి, అక్కడక్కడ పెచ్చులు వేలాడుతున్నాయి. గడప మీద బూడిదపొడి ఊడ్వకుండా అలాగే ఉంది.

ఇమాం వలి తలుపు మీద చెయ్యి వేశాడు, కొట్టలేదు. "లతీఫా," అన్నాడు. లోపల అలికిడి అయింది. తలుపు తెరుచుకోలేదు.

చారి ముందుకు వచ్చాడు. "అమ్మా, నేను చారిని. ఎవ్వరు దొంగతనం జేయలే. రంగు గాలికి పోయింది. లెక్క తప్పింది నేను. మూడున్నర డబ్బాలని నేనే జెప్పిన. లేని డబ్బాలు ఏడున్నయో జెప్పమని కొడితే మనిషి ఏదో ఒక పేరు జెప్తడు. ఆయన మీద కోపం వెట్టుకోకు. నా మీద వెట్టుకో."

చాలాసేపటికి గొళ్ళెం తీసిన చప్పుడైంది. లతీఫున్నీసా తలుపు సగం తెరిచింది. మొహం మీద ముసుగు లేదు, కళ్ళు ఎండిపోయి ఉన్నాయి. భర్త చేయి చూసింది. ముడుచుకోని ఆ వేళ్ళనే చూస్తూ కాసేపు నిలబడి, పక్కకు జరిగింది. ఇమాం వలి తల వంచుకుని లోపలికి పోయాడు.

చారి వెనుదిరగబోయాడు. గుండెల మీంచి కొంత బరువు దిగినట్టే అనిపించింది ఆయనకు. అంత తొందరగా దిగుతుందా?

"అన్నా," అంది ఆమె. "లెక్క తప్పిందని మీకు ఎన్నడు తెలిసింది?"

నిన్ననే అని చెప్పవచ్చు. నాసర్ పోయిన తర్వాత అని చెప్పవచ్చు. ఆమెకు తెలిసే దారి లేదు. చారి నోరు తెరిచాడు, అబద్ధం నాలుక దాకా వచ్చింది కూడా.

"శుక్రవారం," అన్నాడు.

ఆమె పెదవులు కదిలాయి. శుక్రవారం, శనివారం, ఆదివారం అని లోలోపల లెక్కపెట్టుకుంటోందని ఆయనకు అర్థమైంది. సోమవారం దగ్గర ఆగింది. తలుపు మెల్లగా మూసి లోపలినుంచి గొళ్ళెం పెట్టుకుంది. చారి ఆ గీకిన తలుపు ముందే నిలబడి ఉన్నాడు, ఎటు పోవాలో తెలియక.